చదివాను, అర్థమైంది, సంతకం చేశాను

"దిగువ సంతకము చేసిన నేను, సంస్థ వారి ఉద్యోగ నియమావళి పుస్తకమును అందుకొని, ఆసాంతము చదివి, అందలి విషయములను సంపూర్ణముగా అర్థము చేసుకొని, సదరు నియమములకు బద్ధుడనై యుందుననియు, కాలానుగుణముగా సంస్థ వారు చేయు మార్పులకు సైతము కట్టుబడి యుందుననియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

ఇలాంటి వాక్యం కింద మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సంతకం పెట్టే ఉంటాం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పీఎఫ్ నామినేషను ఫారం, బ్యాంకు ఖాతా ఫారం, గుర్తింపు కార్డు ఫారం వరసగా ముందుకొస్తాయి. ఇది వాటి మధ్యలో వస్తుంది. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు చేసుకుంటూ పోతాం. నియమాల పుస్తకం 80 పేజీలుంటుంది. మన చేతిలో ఉండేది 10 నిమిషాలు.

ఆ ఒక్క వాక్యంలో ఐదు ఒప్పుకోళ్లున్నాయి. పుస్తకం అందింది. చదివాను. అర్థమైంది. పాటిస్తాను. ఇకముందు మీరు ఏం మార్చినా దానికీ సరే. వీటిలో మొదటిది మాత్రమే ఆ క్షణానికి నిజం. రెండోదీ మూడోదీ నిజం కావని సంతకం పెట్టేవాడికి తెలుసు, పెట్టించుకునేవాడికీ తెలుసు. ఆ పుస్తకం మొదటి పేజీలోనేమో 'నిజాయతీయే మా సంస్థకు పునాది' అని ఉంటుంది. అంటే ఉద్యోగి మొదటి రోజు, మొదటి కాగితం మీద, నిజాయతీ గురించిన పుస్తకం కోసం ఒక అబద్ధం రాసిచ్చి లోపలికి అడుగు పెడుతున్నాడు.

ఈ కాగితం ఎక్కడినుంచి వచ్చింది? దీన్నీ, దీని వెనకున్న నియమాల పుస్తకాన్నీ మామూలు మాటల్లో రాస్తే ఏమవుతుంది? రాయడానికి కూర్చున్నవాళ్లకు ఎదురయ్యే మొదటి అనుభవం విచిత్రంగా ఉంటుంది. మాట తేలికపడేకొద్దీ, అసలు నియమమే తేల్చుకోలేదన్న సంగతి బయటపడుతుంది.

ఒక ఇంజినీరు, ఒక పుస్తకం

ఈ సంతకం కాగితానికి అంత ప్రాధాన్యం వచ్చింది అమెరికాలో. అక్కడ చాలా రాష్ట్రాల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే, కారణం చెప్పకుండానే ఉద్యోగిని తీసేయవచ్చునన్నది పాతకాలం నుంచీ ఉన్న సూత్రం. న్యూజెర్సీలో హాఫ్‌మన్-లా రోష్ అనే మందుల కంపెనీలో రిచర్డ్ వూలీ అనే ఇంజినీరు 1969లో చేరాడు. ఒప్పందమేమీ రాసుకోలేదు. చేరిన కొద్ది రోజులకు కంపెనీ ఒక నియమాల పుస్తకం చేతికిచ్చింది. తగిన కారణం ఉంటేనే ఎవరినైనా తీసేస్తామన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. 1978లో ఆయన్ను తీసేశారు. మీ పుస్తకంలో ఉన్న మాట ఏమైందని ఆయన కోర్టుకెక్కాడు.

1985లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ ప్రశ్నకు విలువ ఇచ్చింది. కంపెనీ ఉద్యోగులందరికీ పంచిన పుస్తకంలో ఒక హామీ ఇస్తే, విడిగా ఒప్పందం లేకపోయినా ఆ హామీ కంపెనీని కట్టిపడేయవచ్చునని చెప్పింది. దాంతోపాటు కంపెనీలకు దారి కూడా చూపించింది. పుస్తకానికి కట్టుబడి ఉండటం ఇష్టం లేకపోతే, ఆ సంగతి అందరికీ కనిపించేచోట సూటిగా రాయమంది. ఎలా రాయాలో నమూనా కూడా చెప్పింది. దాని సారాంశం ఇది: ఈ పుస్తకంలో ఏమున్నా మేము మీకు ఏ హామీ ఇవ్వడం లేదు, జీతాలూ పని షరతులూ ఎవర్నీ అడక్కుండా మార్చుకుంటాం, కారణం ఉన్నా లేకపోయినా ఎవర్నయినా తీసేసే అధికారం మాకుంది.

అంత కరకుగా రాసి ఉద్యోగుల చేతికిస్తే ముఖం మీద కొట్టినట్టుంటుంది. చాలా కంపెనీలు అదే భావాన్ని మెత్తటి న్యాయభాషలో చుట్టి, చివరి పేజీలో పెట్టి, కింద సంతకం తీసుకోవడం మొదలుపెట్టాయి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఆ ఎత్తు కూడా కోర్టులో నిలవలేదు. 1994లో అదే న్యూజెర్సీ సుప్రీంకోర్టు, నికోసియా వర్సెస్ వేక్‌ఫర్న్ కేసులో, కంపెనీ చూపించిన గమనికను పక్కన పెట్టింది. అది కొట్టొచ్చినట్టు కనపడేలా లేదన్నది ఒక కారణం. 'ఒప్పంద స్వభావం లేనిది', 'వ్యాఖ్యానానికి లోబడి' వంటి మాటలు మామూలు ఉద్యోగిని తికమకపెట్టే లాయరు భాష అన్నది రెండో కారణం.

బరువైన భాష యజమానికి కవచమన్న నమ్మకం మన దగ్గరా గట్టిగానే ఉంది. ఆ కవచాన్ని తయారుచేసుకున్న దేశంలోనే అది పనిచేయలేదని ఈ కేసు చెబుతోంది. అర్థంకాని మాటకు ఎదుటివాణ్ణి బాధ్యుణ్ణి చేయడం కష్టం. పైగా రెండర్థాలొచ్చే రాత విషయంలో, రాసినవాడికి వ్యతిరేకంగా ఉన్న అర్థాన్నే తీసుకోవడం ఒప్పంద న్యాయంలో పాత సూత్రం.

మన దగ్గర గోడమీద ఉండాల్సింది

బహుళజాతి కంపెనీలతో పాటు ఈ ఫారం హైదరాబాదుకూ వచ్చింది. వాటిని చూసి చిన్న సంస్థలు నకలు తీసుకున్నాయి. 'కారణం లేకుండా తొలగించే హక్కు' వంటి, మన కార్మిక చట్టాల ముందు నిలవని వాక్యాలు కూడా యథాతథంగా దిగుమతి అయ్యాయి. నిజానికి మన చట్టం ఇంతకంటే ముందే వేరే దారి చూపించింది.

1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, ఫ్యాక్టరీ వంటి సంస్థల్లో పని నియమాలు ముందే రాసి, అధికారి చేత ధ్రువీకరించుకోవాలని చెప్పింది. వాటిని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ, కార్మికులు ఎక్కువగా వచ్చే గేటు దగ్గరా అన్ని విభాగాల్లోనూ బోర్డుల మీద పెట్టాలని కూడా చెప్పింది. సంతకం ఊసు లేదు. కనిపించడం, అర్థంకావడం గురించే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అయ్యే హద్దు కేంద్ర చట్టంలో 100 మంది కార్మికుల నుంచి 300కు పెరిగింది. అంటే అంతకంటే చిన్న సంస్థల్లో, యజమాని తనంతట తాను రాసుకునే పుస్తకమే ఇప్పుడు ఎక్కువమందికి దిక్కు. దాని భాష పట్టింపు ఇంకా పెరిగింది.

'అర్థమయ్యే భాష' అంటే తెలుగు లిపి అని చాలామంది అనుకున్నారు. ఇంగ్లీషు పుస్తకాన్ని పదానికి పదం పెట్టి దించారు. 'అవిధేయత', 'స్థూల దుష్ప్రవర్తన', 'ప్రయోజనాల సంఘర్షణ', 'శూన్య సహన విధానం' అలా పుట్టాయి. షాపులో బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే అమ్మాయికి 'ప్రయోజనాల సంఘర్షణ' అంటే ఏమీ తెలియదు. 'మీ బావగారి కంపెనీ సరుకు మన స్టోరుకు కొనిపించే పని మీ చేతిలో ఉంటే, ముందే మాకు చెప్పండి' అంటే వెంటనే తెలుస్తుంది. ఆమె రోజూ వాడే మాటలు మెమో, సస్పెన్షన్, ఎంక్వైరీ, లీవు, జీతం కోత. అవి ఇంగ్లీషువైనా తెలుగైనా ఆమెకు తెలిసిన మాటలు. వాటిని తీసేసి 'సంజాయిషీ తాఖీదు' అని రాయడం తెలుగు చేయడం కాదు.

మన వాక్యంలో ఇంకో చిక్కుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. 40 పదాల షరతులన్నీ మోసుకుంటూ వచ్చాక, ఆఖరి మాట 'వచ్చును' అవుతుందో 'రాదు' అవుతుందో అప్పుడు గానీ తెలియదు. ఇంగ్లీషులో 'చేయకూడదు' అన్నది ముందే పడిపోతుంది కాబట్టి పొడవు వాక్యాన్ని కొంత భరించవచ్చు. తెలుగులో అదే పొడవు పెట్టితే చదివేవాడు మధ్యలోనే తెగిపోతాడు. దీనికి తోడు 'చర్య తీసుకొనబడును', 'విచారణ జరుపబడును' వంటి 'బడు' రాతలు. ఎవరు తీసుకుంటారు, ఎవరు జరుపుతారు అన్నది ఆ 'బడు' మింగేస్తుంది.

ఒక నియమాన్ని విప్పి చూద్దాం

60 మంది పనిచేసే ఒక సూపర్‌మార్కెట్టును ఊహించుకుందాం. దాని పుస్తకంలో బహుమతుల గురించి ఇలా ఉందనుకుందాం:

"సంస్థతో వ్యాపార సంబంధములు కలిగియున్న లేక కలిగియుండుటకు అవకాశమున్న ఏ వ్యక్తి నుండి గాని సంస్థ నుండి గాని, ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని, నామమాత్రపు విలువకు మించిన ఏ విధమైన బహుమతిని, ఆతిథ్యమును లేక ఇతర ప్రయోజనమును సముచిత అధికారి యొక్క ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే ఏ ఉద్యోగియు స్వీకరించరాదు, స్వీకరించిన యెడల సదరు ఉద్యోగిపై ఉద్యోగ తొలగింపుతో సహా సముచితమైన క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

దీన్ని వాడుక మాటల్లోకి తేవాలని కూర్చుంటే మొదటి ఐదు నిమిషాల్లోనే పెన్ను ఆగిపోతుంది. 'నామమాత్రపు విలువ' అంటే ఎంత? 100 రూపాయలా, 1,000 రూపాయలా? 'సముచిత అధికారి' ఎవరు? స్టోరు మేనేజరా, హెచ్‌ఆరా, యజమానా? 'ముందస్తు లిఖితపూర్వక అనుమతి' అంటే, దీపావళికి సప్లయరు స్వీట్ల పెట్టె కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోతే, ముందస్తుగా ఉత్తరం రాయడం ఎలా? 'సముచిత చర్య' అంటే స్వీట్ల పెట్టెకీ ఉద్యోగం పోతుందా?

వీటికి జవాబు రాసేవాడి దగ్గర ఉండదు. యజమాని దగ్గరికి వెళ్లాలి. యజమాని కూడా ఎప్పుడూ ఆలోచించి ఉండడు. కష్టమైన భాష ఇక్కడ చేస్తున్న పని అదే. తేల్చని నిర్ణయాన్ని తేల్చినట్టు కనిపించేలా కప్పి ఉంచుతుంది. రేపు ఒకణ్ణి మెమోతో వదిలేసి, ఇంకొకణ్ణి ఇంటికి పంపడానికి అందులో చోటుంటుంది. కాబట్టి తేలిక భాషలో రాయడం కూర్పు పని కంటే ముందు, యజమాని చేత నిర్ణయాలు చేయించే పని. ఆ నిర్ణయాలు జరిగాయనుకుంటే, నియమం ఇలా తయారవుతుంది:

"మన స్టోరుకు సరుకు వేసేవాళ్ల దగ్గర, వేయాలని చూస్తున్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవద్దు. పది రూపాయలైనా వద్దు. యూపీఐలో వేసినా వద్దు.

క్యాలెండరు, డైరీ, పండక్కి స్వీట్ల పెట్టె వంటివి తీసుకోవచ్చు. విలువ 500 రూపాయలు దాటకూడదు.

అంతకంటే ఖరీదైనది ఎవరైనా ఇస్తే అదే రోజు స్టోరు మేనేజరుకు చెప్పండి. మేనేజరు దాన్ని రిజిస్టరులో రాసి తిప్పి పంపిస్తారు. మేనేజరుకే ఎవరైనా ఇస్తే, ఆయన హెచ్‌ఆర్‌కు చెప్పాలి.

మీ ఇంట్లోవాళ్లకు ఇచ్చినా మీకు ఇచ్చినట్టే లెక్క.

ఖరీదైన వస్తువును చెప్పకుండా ఉంచుకుంటే మొదటిసారి మెమో ఇస్తాం. డబ్బు తీసుకున్నారని తెలిస్తే ముందు మీ జవాబు వింటాం, ఎంక్వైరీ చేస్తాం. రుజువైతే ఉద్యోగం పోవచ్చు."

ఇది పాతదానికంటే చిన్నదేమీ కాదు, ఇంకాస్త పెద్దదే. తేలిక భాష అంటే కుదించడం అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. పాతదాంట్లో ఒకే వాక్యం ఉంది, చేయాల్సిన పని ఒక్కటీ తెలియదు. కొత్తదాంట్లో ఏది తీసుకోవాలి, ఏది వద్దు, ఎవరికి చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్న ఐదూ ఉన్నాయి. 'పరోక్షముగా' అన్న మాట కూడా ఎక్కడికీ పోలేదు. 'ఇంట్లోవాళ్లకు ఇచ్చినా' అన్న చోట కూర్చుంది. మేనేజరు కూడా నియమం కిందికి వచ్చాడు. పాత వాక్యంలోని 'ఏ ఉద్యోగియు'లో ఆయనా ఉన్నాడు గానీ ఎవరికీ కనిపించలేదు.

లెక్క వేస్తే బయటపడ్డ తప్పు

వాడుక మాటలోకి తెచ్చినప్పుడు బయటపడేది అస్పష్టత ఒక్కటే కాదు. ఒక్కోసారి నియమం చట్టానికి విరుద్ధమని కూడా తేలుతుంది. అదే పుస్తకంలో 'సమయపాలన పాటించని ఉద్యోగులపై సముచిత జరిమానా విధించబడును' అని ఉందనుకుందాం. 'సముచిత' అంటే ఏమిటని అడిగితే, "మూడుసార్లు లేటయితే ఒకరోజు జీతం కట్" అన్న జవాబు వస్తుంది. మన ఆఫీసుల్లో, షాపుల్లో బాగా వినిపించే మాటే అది.

ఇప్పుడు దాన్ని కాగితం మీద అంకెల్లో పెట్టండి. నెలకు 15,000 రూపాయల జీతం. 30 రోజుల లెక్కన రోజుకు 500. ఒకే నెలలో మూడుసార్లు, సారికి 15 నిమిషాల చొప్పున లేటయితే మొత్తం 45 నిమిషాలు. 8 గంటల పనిదినంలో 45 నిమిషాల విలువ దాదాపు 47 రూపాయలు. పనికి రాని సమయానికి జీతం తగ్గించడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, రాని సమయానికి తగ్గ మేరకే. కాబట్టి ఆ లెక్కన 500 కోయడం కుదరదు.

పోనీ జరిమానా అనుకుందామా? జీతాల చెల్లింపు చట్టం నుంచి 2019 నాటి వేతనాల కోడ్ దాకా ఒకటే హద్దు: ఒక జీతం కాలంలో వేసే జరిమానాలన్నీ కలిపి ఆ కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. 15,000లో 3 శాతం 450. 500 అక్కడా మించింది. పైగా ఏ తప్పులకు జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదంతో నోటీసులో పెట్టి ఉండాలి, వేసేముందు ఉద్యోగి జవాబు వినాలి. జరిమానాగా వచ్చిన డబ్బు యజమాని జేబులోకి పోకూడదు. ఉద్యోగుల మేలుకే ఖర్చుపెట్టాలి.

'సముచిత జరిమానా' అని ఉన్నంతకాలం ఈ తప్పు ఎవరికీ కనపడలేదు. '500 రూపాయలు' అని రాయగానే కనపడింది. అందుకే తేలిక భాషలో రాసిన ముసాయిదాను చూసి యజమానులు ఒక్కోసారి వెనకాడతారు. 'ఇంత విడమరిచి రాస్తే మాకే ఇబ్బంది' అంటారు. ఆ ఇబ్బంది భాషవల్ల వచ్చింది కాదు. ముందునుంచీ ఉన్నదే, ఇప్పుడు చదవగలుగుతున్నారు.

చట్టం మాటను ఎక్కడ ఉంచాలి

అన్నింటినీ మన ఇష్టం వచ్చిన మాటల్లోకి మార్చేయడం కుదరదు. ధ్రువీకరించిన స్టాండింగ్ ఆర్డర్లు ఉన్నచోట అసలు పాఠం అదే. పుస్తకం దాన్ని వివరించవచ్చు గానీ, అందులో లేని శిక్షను చేర్చకూడదు, ఉన్న రక్షణను తగ్గించకూడదు. 'సస్పెన్షన్' వంటి మాటకు చట్టంలో స్థిరమైన అర్థం ఉంది. దాన్ని 'కొన్నాళ్లు ఇంట్లో ఉండండి' అని మారిస్తే, ఆ కాలానికి రావలసిన జీవనభృతి సంగతి గాలికి పోతుంది. మాటను ఉంచి, పక్కనే ఒక వాక్యంలో అర్థం చెప్పడమే మేలు.

లైంగిక వేధింపుల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2013 నాటి చట్టంలో ఏది వేధింపు అన్నదానికి నిర్వచనం ఉంది. సొంత మాటల్లో చెప్పబోయి అందులో సగం వదిలేస్తే, వదిలేసినవి తప్పుకావేమోనని జనం అనుకుంటారు. నిర్వచనాన్ని పూర్తిగా ఉంచాలి. తేలిక భాషకు చోటు ఆ తరవాతి భాగంలో ఉంది: ఎవరికి చెప్పాలి? 10 మంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. 'కమిటీని సంప్రదించవలెను' అని వదిలేయకుండా సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు పేజీలో ఉండాలి. 'జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వండి. ఇవ్వలేకపోయిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. మీరు రాయలేకపోతే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. 90 రోజుల్లో విచారణ పూర్తి చేయాలి' అని నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. చాలా పుస్తకాల్లో ఈ అధ్యాయం పది పేజీలుంటుంది, ఆ ఫోను నంబరు మాత్రం ఉండదు.

రెండు భాషల్లో పుస్తకం ఉన్నప్పుడు 'తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది' అని కింద చిన్న అక్షరాల్లో వేసే అలవాటు కూడా చూడాలి. అలా వేశారంటే, తెలుగు ప్రతిని నమ్ముకున్నవాడు నమ్మకూడనిది చదివాడన్నమాట. తెలుగులో ఇచ్చింది సారాంశమైతే సారాంశమని పైనే రాయాలి. నియమమైతే దానికి కట్టుబడాలి.

సంతకం కాగితాన్ని రెండుగా చీల్చాలి

ఇక మొదటి రోజు కాగితం. ఐదు ఒప్పుకోళ్లను ఒకే సంతకం కింద కట్టడమే దాని రోగం. మందు కూడా తేలికే. ఒక కాగితాన్ని రెండు చేయడం. మొదటి రోజు తీసుకోవాల్సింది రసీదు మాత్రమే:

"నియమాల పుస్తకం తెలుగు ప్రతి ఈ రోజు నాకు ఇచ్చారు. ఇది నా దగ్గరే ఉంటుంది. దీని గురించి ఫలానా రోజు ఒక గంట మాట్లాడతామని చెప్పారు. సందేహాలు ఎవరిని అడగాలో చెప్పారు."

కింద పుస్తకం ఎన్నో ముద్రణో, తేదీ, సంతకం. వారం రోజుల తరవాత, ఆ గంట మాట్లాడాక, రెండో కాగితం:

"పుస్తకం చదివాను, లేదా ఫలానావారు నాకు చదివి వినిపించారు. బహుమతులు, లేటు, లీవు, వేధింపుల ఫిర్యాదు గురించిన నియమాలు నాతో మాట్లాడారు. నేను అడిగిన ప్రశ్నలు ఇవి: … వాటికి ఇచ్చిన జవాబులు ఇవి: … ఈ నియమాలు పాటిస్తాను. నియమం మారితే మార్పును నాకు రాసి ఇస్తారు, అప్పుడు దానికి విడిగా సంతకం తీసుకుంటారు. ఈ సంతకం వల్ల చట్టం నాకిచ్చిన ఏ హక్కూ పోదు."

ఆఖరి వాక్యం యజమాని దయ చూపిస్తూ రాసేది కాదు. వేతన చట్టాల కింద ఉన్న హక్కును వదులుకుంటున్నానని ఉద్యోగి రాసిచ్చినా అది చెల్లదని ఆ చట్టాలే చెబుతున్నాయి. ఉన్న సంగతిని కాగితం మీద ఒప్పుకోవడమే.

చదువురానివాళ్ల విషయంలో మన దస్తావేజుల సంప్రదాయం ఈ కంపెనీ ఫారాలకంటే మెరుగు. పొలం అమ్మినవాడికి చదువు రాకపోతే, రాసింది చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, అది ఫలానావారి నిశానీ అని పక్కన రాసి, సాక్షుల చేత సంతకాలు చేయించేవారు. ఎవరు చదివి వినిపించారన్నది అడిగితే చెప్పడానికి మనుషులుండేవారు. ఫారంలోనూ చదివి వినిపించినవారి పేరు, సంతకం, ఏ భాషలో వినిపించారో ఉండాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే కార్మికులు ఎంతోమంది. వాళ్ల ముందు తెలుగు పుస్తకం పెట్టి వేలిముద్ర తీసుకుంటే, ఇంగ్లీషు పుస్తకం పెట్టి మన సంతకం తీసుకున్నవాళ్లకూ మనకూ తేడా లేదు.

ఎవరైనా సంతకం పెట్టనంటే? బలవంతం అక్కర్లేదు. 'పుస్తకం ఇచ్చాం, చదివి వినిపించాం, సంతకం పెట్టడానికి ఇష్టపడలేదు' అని తేదీ వేసి, ఇచ్చినవారూ ఇంకొకరూ సంతకం చేస్తే చాలు. కావలసింది నియమం చేరిందనడానికి రుజువు. అది దొరికింది.

అర్థమైందా అని అడగకండి

రాసింది నిజంగా తేలికగా ఉందో లేదో రాసినవాళ్లకు తెలియదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 24495-1 తేలిక భాషను చదివేవాళ్ల వైపునుంచే కొలవమంటుంది: కావలసింది దొరకాలి, దొరికింది అర్థంకావాలి, అర్థమైంది వాడుకోగలగాలి. వాక్యంలో ఎన్ని పదాలున్నాయన్న లెక్కకంటే ఈ మూడూ ముఖ్యం.

కాబట్టి అచ్చుకు ముందు, ఆ పని చేసేవాళ్లలో ఐదుగురికి ఇచ్చి చూడాలి. 'అర్థమైందా?' అని మాత్రం అడగకూడదు. మేనేజరు అడిగితే ఎవరైనా 'అయింది సార్' అనే అంటారు. ఒక సంగతి చెప్పి జవాబు అడగాలి. "సంక్రాంతికి సప్లయరు మీ అబ్బాయికి 800 రూపాయల క్రికెట్ బ్యాటు ఇచ్చాడమ్మా. ఏం చేస్తావు?" పుస్తకం చేతిలోనే ఉంచి అడగాలి, అది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు. ఆమె ఆ పేజీ వెతికి పట్టుకుందా? 500 దాటిందనీ, అబ్బాయికి ఇచ్చినా తనకు ఇచ్చినట్టేననీ, మేనేజరుకు అదే రోజు చెప్పాలనీ చెప్పిందా? ఐదుగురిలో ఇద్దరు వేరే జవాబు చెబితే, ఆ ఇద్దరికి మళ్లీ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ పేరా తిరిగి రాయాలి.

ఇలా చేస్తున్నప్పుడు రాసినవాళ్లు ఊహించని ప్రశ్నలు కూడా వస్తాయి. 'బ్యాటు తిప్పి ఇచ్చేస్తే సప్లయరు నొచ్చుకుంటాడు కదా, అప్పుడు ఆయనకు ఎవరు చెబుతారు?' అని అడుగుతుంది. పుస్తకంలో దానికి జవాబు లేదు. సప్లయర్లకు కూడా ఒక కాగితం పంపాలన్న ఆలోచన అక్కడ పుడుతుంది.

ఇక రేపు మీ ముందుకే అలాంటి కాగితం వస్తే? మొదటి రోజే గొడవ పెట్టుకోమని ఎవరూ అనరు. పుస్తకం చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. చదవడానికి సమయం ఇవ్వకపోతే, సంతకం పక్కన 'పుస్తకం ఈ రోజు అందింది' అని రాసి తేదీ వేయండి. కాగితానికి ఒక ఫొటో తీసుకోండి. ఆ రాత్రి ఇంటికి వెళ్లి మూడు సంగతులు వెతకండి: జీతం ఏ కారణంతో, ఎంత కోస్తారు, ఉద్యోగం దేనికి పోతుంది, కష్టం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. దొరకనివి మర్నాడు రాసి అడగండి.